శిలాజిత్తు: శుద్ధి చేశామన్న మాటకు అర్థమేమిటి?

శిలాజిత్తు వాడవచ్చునా, అది మూత్రపిండాలను పాడుచేస్తుందన్నది నిజమేనా అని పాఠకులలో కొందరు అడిగారు. ఒకప్పుడు రైల్వేస్టేషన్ల ముందు, తిరునాళ్లలో, దుప్పటి పరచుకొని కూర్చున్న సంచార వైద్యుల దగ్గర మాత్రమే ఈ నల్లని ముద్ద కనిపించేది. ఇప్పుడు అందమైన చిన్న గాజు సీసాలో, హిమాలయాల బొమ్మతో, సెల్‌ఫోనులో ఒక్క నొక్కు నొక్కితే ఇంటికి వచ్చేస్తున్నది. దాదాపు ప్రతి సీసా మీదా "శుద్ధి చేయబడినది" అని ఉంటుంది. ఈ నెల ఆ ఒక్క మాటనే పట్టుకొని చూద్దాము. శుద్ధిలో ఏమి పోతుంది, ఏమి పోదు అన్నది తెలిస్తే తక్కిన ప్రశ్నలకు జవాబు చాలావరకు దానంతటదే దొరుకుతుంది.

ఇది ఎక్కడ నుండి వస్తుంది?

హిమాలయాలలోను, మధ్య ఆసియాలోని పామీర్, ఆల్టాయ్ పర్వతాలలోను ఎత్తైన కొండచరియల పగుళ్లలో ఇది దొరుకుతుంది. ఎండాకాలంలో రాయి బాగా వేడెక్కినప్పుడు నల్లగా, ముదురు గోధుమ రంగులో జిగురువలె బయటికి కారి గట్టిపడుతుంది. అందుకే రాయి చెమట అని కొందరంటారు. నిజానికి ఇది రాతి నుండి పుట్టినది మాత్రమే కాదు. మొక్కలు, పాచి వంటివి ఎన్నో ఏండ్లపాటు రాతి పొరల మధ్య కుళ్లి, చివికి, రాతిలోని ఖనిజాలతో కలిసి ఏర్పడిన పదార్థమిది. మన పొలంలో బాగా చివికిన పెంటను నీటిలో వేస్తే టీ డికాక్షనువంటి రంగు దిగుతుంది గదా! ఆ రంగునిచ్చే హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలే శిలాజిత్తులోనూ ముఖ్య భాగం.

చరక సంహితలో రసాయన చికిత్సను గూర్చిన అధ్యాయంలో దీని ప్రస్తావన ఉన్నది. బంగారము, వెండి, రాగి, ఇనుము గల కొండలనుబట్టి నాలుగు రకాలని చెప్పి, ఇనుముకు సంబంధించిన దానిని శ్రేష్ఠమన్నారు. సుశ్రుతుడు వీటికి తగరము, సీసము కూడ కలిపి ఆరు రకాలన్నాడు. ఈ సంగతిని గుర్తుంచుకోండి. ఏ కొండలో ఏ లోహముంటే శిలాజిత్తులో ఆ లోహపు పాలు ఉంటుందని పూర్వులు కూడ ఎరిగియున్నారు.

శుద్ధి ఎలా చేస్తారు?

కొండ నుండి తెచ్చిన ముడి శిలాజిత్తులో ఇసుక, రాతి ముక్కలు, వేర్లు, ఆకులు, ఎలుకల పెంటికలు, పక్షుల రెట్టలు కలిసి ఉంటాయి. ముందుగా దానిని చిన్న ముక్కలుగా కొట్టి, రెండింతలో అంతకు మించియో వేడి నీటిలోగాని, త్రిఫల కషాయంలోగాని నానబెడతారు. త్రిఫల అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. బాగా నానిన తరువాత చేతితో పిసికి, గుడ్డలో వడగడతారు. మట్టి, ఇసుక, పుల్లలు గుడ్డలో నిలిచిపోతాయి. కొంత మన్ను గిన్నె అడుగున పేరుకుంటుంది. పైన తేరుకున్న నల్లని నీటిని మాత్రమే వేరొక పాత్రలోనికి వంచుతారు.

ఇక్కడ నుండి రెండు దారులున్నాయి. మొదటిది ఎండ దారి. వెడల్పాటి పాత్రలలో ఆ నీటిని పోసి ఎండలో పెడితే పైన మీగడవలె నల్లని పొర కడుతుంది. దానిని తీసి మరొక పాత్రలో వేసి, మళ్లీ వేడి నీరు పోసి, మళ్లీ ఎండబెడతారు. ఇలా అనేక పర్యాయములు చేస్తారు. వారాలు పట్టే పని ఇది. దీనిని సూర్యతాపి అంటారు. రెండవది నిప్పు దారి, అగ్నితాపి. వడగట్టిన నీటిని సన్నని సెగ మీద పాకంవలె చిక్కబడేవరకు కాస్తారు. త్వరగా అవుతుంది గాని, సెగ ఎక్కువైతే అడుగంటి మాడిపోతుంది.

ఏ దారిలో వెళ్లినా సూత్రం ఒక్కటే. నీటిలో కరిగేదానిని ఉంచుకొని, కరగనిదానిని పారవేసి, చివరకు నీటిని ఆవిరి చేయడం. బెల్లం వండేవారి పని మీకు తెలిసినదే. చెరకు రసంలోని మడ్డిని తీసివేసి, నీటిని ఇగిరింపజేస్తే బెల్లం మిగులుతుంది. ఇదీ అంతే.

తొలగేది, తొలగనిది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. ఇసుక నీటిలో కరగదు గనుక పోతుంది. అయితే సీసము, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం వంటి లోహాల సంగతి ఏమిటి? ఇవి రాతి ముక్కలలో బిగిసియున్నంత వరకు మట్టితోపాటు పోతాయి. గాని కొంత భాగం నీటిలో కరిగి ఉంటుంది. పైగా శిలాజిత్తులోని ఫల్విక్ ఆమ్లానికి లోహాలను పట్టుకొని నీటిలో నిలిపి ఉంచే గుణమున్నది. "శరీరానికి ఖనిజాలను చేరవేస్తుంది" అని అమ్మేవారు గొప్పగా చెప్పేది ఈ గుణాన్నే. అది ఇనుమును, జింకును పట్టుకొని, సీసాన్ని చూచి వదలిపెట్టదు. అన్నిటినీ పట్టుకుంటుంది. గుడ్డ గుండా దాటిస్తుంది. ఆ తరువాత నీరు ఆవిరైపోతుంది గాని లోహం ఆవిరి కాదు.

ఒక లెక్క వేసి చూద్దాము. ఈ అంకెలు విషయం అర్థమగుటకు నేను తీసికొన్నవి. 1 కిలో ముడి శిలాజిత్తులో సీసం 6 పి.పి.ఎం. ఉన్నదనుకుందాము. పి.పి.ఎం. అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు. కిలోకు ఒక మిల్లీగ్రాము. అంటే మొత్తం 6 మిల్లీగ్రాముల సీసం. శుద్ధి చేయగా 700 గ్రాముల మట్టి, చెత్త పోయి 300 గ్రాములు మిగిలింది. సీసంలో సగం మట్టితో పోయిందనుకున్నా, మిగిలిన 3 మిల్లీగ్రాములు ఇప్పుడు 300 గ్రాములలోనే ఉన్నాయి. అంటే కిలోకు 10 మిల్లీగ్రాములు, 10 పి.పి.ఎం. ముడి సరుకులో 6 ఉన్నది, శుద్ధి అయిన తరువాత 10 అయినది! సీసం ఏమీ పోకుండా ఉంటే అది 20 అవుతుంది. సీసంలో చాలా భాగం మట్టితోనే పోతే 6 కంటె తక్కువకు దిగనూవచ్చు. కాబట్టి శుద్ధి చేసిన శిలాజిత్తులో లోహాలు తగ్గాయో పెరిగాయో ఆ కొండను బట్టి, ఆ పద్ధతిని బట్టి, ఆ సరుకును బట్టి ఉంటుంది. పరీక్షించి చూడనిదే ఎవరూ చెప్పలేరు.

అలాగని శుద్ధి వృథా అని నేను చెప్పడం లేదు. ముడి శిలాజిత్తులో మట్టితోపాటు బూజు, సూక్ష్మక్రిములు కూడ ఉంటాయి. "ముడిది, సహజమైనది, ఏమీ చేయనిది" అని అమ్మేదానిని కొననే కూడదు. శుద్ధి అవసరమే, కాని అది సగం పని మాత్రమే. తక్కిన సగం ప్రయోగశాలలో జరగాలి.

నిప్పు పరీక్ష, నీటి పరీక్ష

శిలాజిత్తును గుర్తుపట్టుటకు పూర్వం నుండి కొన్ని పరీక్షలున్నాయి. నిప్పు మీద వేస్తే మంట, పొగ లేకుండా ఉబ్బి పైకి లేవాలి. నీటిలో వేస్తే దారాలు దారాలుగా అడుగుకు దిగుతూ కరగాలి. గోమూత్రపు వాసన రావాలి. ఇవి పనికిమాలిన పరీక్షలు కావు. తారు కలిపినది నీటిలో కరగదు, కాల్చితే రోడ్డు వేసేటప్పటి వాసన వస్తుంది. బెల్లపు మడ్డి కలిపినది కాల్చితే పాకం మాడిన వాసన వస్తుంది. సరిగ్గా వడగట్టనిదైతే గోరువెచ్చని నీటిలో కలిపి కాసేపు ఉంచితే గ్లాసు అడుగున ఇసుక తేలిపోతుంది. ఈ విధంగా మసిపూసి మారేడుకాయ చేసిన సరుకును కొంతవరకు పట్టుకోవచ్చు.

గాని ఈ పరీక్షలు అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది శిలాజిత్తేనా, కాదా? సీసమున్నదా అని అవి అడగవు. 2 పి.పి.ఎం. సీసమున్న శిలాజిత్తు, 40 పి.పి.ఎం. సీసమున్న శిలాజిత్తు నీటిలో ఒకే విధంగా కరుగుతాయి, నిప్పు మీద ఒకే విధంగా ఉబ్బుతాయి, రుచిలోనూ తేడా ఉండదు. అమ్మేవాడు మన కళ్లముందే పరీక్ష చేసి చూపించినప్పుడు మనం మోసపోయేది ఇక్కడే. అతడు చూపించినది నిజమే గాని, మనకు కావలసిన ప్రశ్నకు అది జవాబు కాదు.

లోహాల భయం ఊరికే పుట్టినది కాదు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో అమ్ముతున్న దక్షిణ ఆసియా ఆయుర్వేద తయారీలు 70 కొని పరీక్షించగా 14 వాటిలో సీసము, పాదరసము, ఆర్సెనిక్‌లలో ఒకటో రెండో మూడో ఉన్నట్లు 2004లో అక్కడి వైద్య పత్రికలో వచ్చింది. అవన్నీ శిలాజిత్తు కావు, అన్ని రకాల మందులూ ఉన్నాయి. వాటిలో కొన్నిటిలో లోహం భస్మరూపంలో కావాలని వేసినది, కొన్నిటిలో తెలియక చేరినది. శిలాజిత్తు కొనేవారు కూడ ఈ రెండిటినీ చూడాలి. పేరు శిలాజిత్తే అయినా లోపల నాగ భస్మము, రససిందూరము వంటివి కలిపిన గుళికలు ఉండవచ్చు. నాగమంటే సీసము, రసమంటే పాదరసము. పెట్టె వెనుక చిన్న అక్షరాలలో ఉన్నదానిని ఇంట్లో పిల్లలచేతనైనా చదివించండి.

ప్రయోజనాల మాట

బలం, పురుషుల సంతానలేమి, కీళ్ల నొప్పులు, మధుమేహం, మతిమరుపు అంటూ పెద్ద జాబితా వినిపిస్తుంది. వీటిలో మనుష్యులపై సరిగ్గా పరీక్షించినవి కొద్దే. 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో 45 నుండి 55 ఏండ్ల ఆరోగ్యవంతులైన పురుషులకు 250 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 90 రోజులు శుద్ధి చేసిన శిలాజిత్తు ఇచ్చారు. ఉత్తుత్తి మందు తీసికొన్నవారితో పోల్చితే వారి రక్తంలో టెస్టోస్టెరోన్ పెరిగింది. వీర్యకణాలు తక్కువగా ఉన్నవారిపై 2010లో వచ్చిన మరొక చిన్న పరిశోధనలోనూ మేలు కనిపించింది. మధుమేహం విషయంలో ఎక్కువ భాగం ఎలుకలపై చేసినవే.

ఈ పరిశోధనల నుండి మనం గ్రహించవలసినవి రెండున్నాయి. అవి కొద్దిమందిపై, దాదాపు మూడు నెలల పాటు జరిగినవి; ఏండ్ల తరబడి వాడితే ఏమగునో వాటినిబట్టి చెప్పలేము. అలాగే వాటిలో ఇచ్చినది లోహాలు, మలినాలు పరీక్షించి ఒకే ప్రమాణానికి తెచ్చిన సరుకు. ఆ పరిశోధన పేరు చెప్పి తిరునాళ్లలోని ముద్దను అమ్మడం, గెలిచిన ఎద్దు బొమ్మ చూపి వేరే దూడను అమ్మడం వంటిది.

మూత్రపిండాల సంగతి

"శిలాజిత్తు కిడ్నీలను పాడుచేస్తుంది" అని ఒక మాట, "కిడ్నీ జబ్బులకు శిలాజిత్తే మందు" అని మరొక మాట మన మధ్య తిరుగుతున్నాయి. రెండూ తొందరపాటు మాటలే. పైన చెప్పిన కొద్ది నెలల పరిశోధనలలో శుద్ధమైన శిలాజిత్తు ఆరోగ్యవంతుల మూత్రపిండాలకు హాని చేసినట్లు తేలలేదు. ఆయుర్వేదంలో మూత్ర వ్యాధులకు వాడే చంద్రప్రభా వటిలో శిలాజిత్తు ఒక భాగం. అయితే ప్రమాదం వచ్చే దారి వేరే ఉన్నది.

మన మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో దాదాపు అంతటినీ మళ్లీ రక్తంలోనికి తీసికొని, రెండు లీటర్ల లోపు మూత్రంగా పంపుతాయి. ఇలా తిరిగి తీసికొనే సన్నని గొట్టాల కణాలు మంచి పదార్థాలతోపాటు సీసాన్ని, కాడ్మియంను కూడ లోపలికి లాగుకుంటాయి. కాడ్మియం అక్కడ చేరితే పది, ఇరవై ఏండ్లయినా కదలదు. సీసం ఎముకలలో దాగి, కొద్దికొద్దిగా రక్తంలోనికి వస్తూ ఉంటుంది. మానివేసిన తరువాత కూడ హాని ఆగకపోవుటకు కారణమిదే. నొప్పి ఉండదు, మంట ఉండదు. తెలిసేటప్పటికి ఆలస్యమవుతుంది.

ఎంతైతే ఎక్కువ? ఆయుర్వేద ఔషధాలకు మన దేశంలో పాటించే పరిమితులు ఇవి: సీసం 10 పి.పి.ఎం., ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3. ఇక అంతర్జాతీయ ఔషధ ప్రమాణాల ప్రకారం నోటిద్వారా తీసికొనే మందు నుండి రోజుకు 5 మైక్రోగ్రాములకు మించి సీసం ఒంట్లోకి పోకూడదు. 10 పి.పి.ఎం. సీసమున్న శిలాజిత్తును రోజుకు 500 మిల్లీగ్రాములు తీసికొంటే సరిగ్గా 5 మైక్రోగ్రాములే. అంచు మీద ఉన్నాము. అదే సరుకును త్వరగా బలం రావాలని రెండు గ్రాములు మింగితే 20 మైక్రోగ్రాములు. కాబట్టి పరిమితికి లోబడిన సరుకైనా మోతాదు దాటితే పరిమితి దాటినట్లే. "శనగగింజంత" అని సీసా మీద వ్రాసి ఊరుకుంటే చాలదు. ఒకరి శనగగింజ 300 మిల్లీగ్రాములైతే మరొకరిది 800 అవుతుంది.

మా సంఘములో 58 ఏండ్ల పెద్దాయన ఒకరున్నారు. పన్నెండేండ్లుగా మధుమేహం. పట్నంలోని అల్లుడు ప్రేమతో 20 గ్రాముల శిలాజిత్తు సీసా పంపాడు. ఆయన దానిని నా దగ్గరకు తెచ్చి, "అయ్యగారూ, ఇది షుగరుకూ మంచిదట, నీరసానికీ మంచిదట. మొదలుపెట్టమంటారా?" అని అడిగారు. "నేను వైద్యుడను కాను గదండీ. ముందు మీ రక్తపరీక్ష కాగితాలేమైనా ఉంటే చూపించండి" అన్నాను. ఆరు నెలల క్రిందటి కాగితంలో క్రియాటినిన్ 1.4 అని ఉన్నది. ఆ ప్రయోగశాల కాగితంపై 1.3 వరకు మామూలే అని వ్రాసి ఉండుటచేత, "కొంచెమే ఎక్కువ, ఫరవాలేదు" అని ఆయన ఊరుకున్నారు.

ఇద్దరం కలిసి ఆయన వైద్యుని దగ్గరకు వెళ్లాము. డాక్టరుగారు వయస్సు, క్రియాటినిన్ కలిపి లెక్కవేసి, మూత్రపిండాల వడపోత శక్తి సుమారు 58 అన్నారు. అరవైకి తక్కువ మూడు నెలలకు పైగా ఉంటే దానిని దీర్ఘకాల మూత్రపిండ వ్యాధిగా లెక్కిస్తారు. క్రియాటినిన్ ఆలస్యంగా పెరిగే అంకె. అది కొంచెం పెరిగేలోగానే శక్తి చాలా తగ్గిపోయి ఉంటుందని ఆయన వివరించారు. తరువాత సీసాపై ఉన్న కోడు ద్వారా వచ్చిన పరీక్షా పత్రాన్ని చూచారు. దానిపై బ్యాచి నంబరు సీసాపై ఉన్న నంబరు కాదు. లోహాల ఎదుట "పరిమితికి లోబడి ఉన్నది" అని మాటలే గాని అంకె లేదు. "మంచి మూత్రపిండాలున్నవారు కూడ దీనిని చూచి నమ్మకూడదు. మీరైతే అసలే వద్దు. ఇందులోని పొటాషియం, ఇనుము వంటివి కూడ మీ మూత్రపిండాలు సరిగ్గా పంపలేకపోవచ్చు. షుగరు మాత్రలతో కలిసి చక్కెర మరీ పడిపోవచ్చు కూడ" అని చెప్పారు. పెద్దాయన ఆ సీసా మూత తీయనే లేదు. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడ అప్పుడే చేయించుకొని, మందులు సరిచేయించుకున్నారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మన పాఠకులకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. అక్కడి మూత్రపిండ వ్యాధికి శిలాజిత్తుకు సంబంధం లేదు. అయితే పైకి ఏ లక్షణమూ లేకుండానే వడపోత శక్తి తగ్గినవారు అక్కడ ఇంటింటా ఉన్నారు గనుక, ముందుగా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ఇటువంటివి నోట వేసుకోకండి.

కొనేవారు చేయవలసినది

డబ్బు ఇవ్వకముందే పరీక్షా పత్రం అడగండి. దానిపై బ్యాచి నంబరు మీ చేతిలోని సీసాపై ఉన్న నంబరుతో సరిపోవాలి. సీసం, ఆర్సెనిక్, పాదరసం, కాడ్మియం నాలుగింటికీ విడివిడిగా అంకెలుండాలి. పైన చెప్పిన పరిమితులతో పోల్చుకోండి. "బి.డి.ఎల్." అని ఉంటే పరికరం పట్టగలిగినంత కూడ లేదని అర్థం, ఎంతవరకు పట్టగలదో ఆ అంకె కూడ ప్రక్కన ఉండాలి. పరీక్షించినది తయారీదారు సొంత గది కాక, ఎన్.ఏ.బి.ఎల్. గుర్తింపుగల వేరే ప్రయోగశాల అయితే మంచిది. ఫల్విక్ ఆమ్లం ఇంత శాతమని పెద్ద అక్షరాలతో వ్రాసి, లోహాల సంగతి వ్రాయనిదానిని అక్కడే వదలిపెట్టండి. సీసాపై ఆయుర్వేద ఔషధ తయారీ లైసెన్సు నంబరు, మిల్లీగ్రాములలో మోతాదు ఉండాలి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, తలసీమియావలన గాని మరే కారణంచేతగాని ఒంట్లో ఇనుము ఎక్కువైనవారు దీని జోలికి పోకూడదు. మధుమేహానికి, రక్తపోటుకు మందులు వాడేవారు తమ వైద్యునికి చెప్పకుండా మొదలుపెట్టకూడదు. ఇంతకుముందే ఏండ్ల తరబడి వాడుతున్నవారు భయపడి కూర్చోక, ఒకసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో సీసం పరీక్షలు చేయించుకొని, ఆ సీసాను కూడ వైద్యుని దగ్గరకు తీసుకొనిపోండి.

చరకుడు శిలాజిత్తు వాడేవారు ఉలవలు తినకూడదని పథ్యం పెట్టాడు. ఉలవచారు మానుకొని ఆ పథ్యాన్ని నిష్ఠగా పాటించేవారు మన జిల్లాలలో ఉన్నారు. అదే శ్రద్ధతో పరీక్షా పత్రంలోని నాలుగు అంకెలను కూడ చదివితే బాగుంటుంది. ఆ పత్రం చూపలేని అంగడిలో కొనకుండా తిరిగి వచ్చినవారికి నష్టమేమీ లేదు.